ఐపీఓలో అడిగిన షేర్లన్నీ వచ్చేస్తే..

మొదటిసారి ఐపీఓకి అప్లై చేసేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఈమధ్య వచ్చిన ఇష్యూలు తొలిరోజు సగటున ఎంత లాభం ఇచ్చాయి? ఆ సగటు అబద్ధమేమీ కాదు. కానీ అది షేర్లు దొరికినవాళ్ల లెక్క. మీకు దొరుకుతాయో లేదో అందులో ఉండదు.

పది ఇష్యూలకు తలా 10,000 చొప్పున అప్లై చేశారనుకుందాం. అయిదు మంచివి, తొలిరోజే 40 శాతం పెరిగాయి. మిగతా అయిదు నాసిరకం, 10 శాతం పడ్డాయి. సగటున 15 శాతం లాభమే కదా! ఇప్పుడు అలాట్‌మెంట్ సంగతి కలపండి. మంచివాటికి జనం ఎగబడ్డారు, 20 మందిలో ఒకరికే దక్కాయి. అంటే అయిదింటిలో రావాల్సిన 20,000 లాభంలో మీ వాటా సగటున 1,000. నాసిరకంవాటిని అడిగే నాథుడు లేడు కాబట్టి అడిగినన్నీ ఇచ్చేశారు, 5,000 నష్టం. నికరంగా 4,000 పోయాయి. ఆర్థికవేత్త కెవిన్ రాక్ 1986లో ఈ చిక్కునే సిద్ధాంతంగా చెప్పాడు: కంపెనీల లోతు తెలిసినవాళ్లు మంచివాటికే వస్తారు, వాళ్లు వద్దన్నవి తెలియనివాళ్లకు తగులుతాయి.

అందుకే ఇష్యూ వివరాలన్నీ ఉండే ప్రాస్పెక్టస్‌లో నేను ముందు చూసేది, షేర్లు అమ్ముతున్నది ఎవరని. కొత్త షేర్లయితే డబ్బు కంపెనీకి వెళ్తుంది. ఆఫర్ ఫర్ సేల్ అయితే పాత వాటాదారుల జేబులోకి. వాళ్లు అమ్ముకోవడం తప్పేం కాదు, ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. చివరి నిమిషంలో ఆ అమ్మకం పెరిగిందంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

2012 మేలో ఫేస్‌బుక్ విషయంలో అదే జరిగింది. 28-35 డాలర్లన్న ధరల శ్రేణిని 34-38కి పెంచారు. ఆ వెంటనే ఇష్యూ సైజును 25 శాతం పెంచారు, ఆ అదనపు షేర్లు పాతవాళ్లవే. మొత్తం 42 కోట్ల షేర్లలో 24 కోట్లు వాళ్లు అమ్మినవే. దీనికి కొద్దిరోజుల ముందే, సవరించిన ప్రాస్పెక్టస్‌లో కంపెనీ ఒక మాట చేర్చింది: జనం మొబైల్‌కి మారుతున్నారు, చూపిస్తున్న ప్రకటనలు ఆ వేగంతో పెరగడం లేదు. హడావిడిలో ఆ వాక్యం దగ్గర ఆగినవాళ్లు తక్కువ. 38 డాలర్లకు ఇచ్చిన షేరు తొలిరోజు 38.23 దగ్గర ముగిసింది, సెప్టెంబర్ మొదట్లో 18 కంటే కిందికి పోయింది.

అది చెడ్డ కంపెనీ కాదని తర్వాత తేలింది. ప్రకటనల ఆదాయంలో మొబైల్ వాటా 2012 మూడో త్రైమాసికంలో 14 శాతం, 2013 రెండో త్రైమాసికానికి 41 శాతం. ఆ ఫలితాలు వచ్చాకే, 2013 ఆగస్టులో షేరు మళ్లీ 38 పైన ముగిసింది. తొలిరోజు లాభం కోసమే కొన్నవాళ్లకు, 18 డాలర్ల దగ్గర అమ్మాలా ఆగాలా అని తేల్చుకోవడానికి చేతిలో ఏ ఆధారమూ లేదు. ఆ ఒక్క వాక్యం చదివినవాళ్లకు మూడు నెలలకోసారి చూడాల్సిన అంకె ఏదో తెలుసు.