స్లయిడ్లు ఆగితే ఒక జోక్ చాలదు

“స్లయిడ్లు ఆగినా, మైకు పోయినా ఏం మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోవడం దండగ. బట్టీపట్టిన మాట బట్టీలాగే వినపడుతుంది. సారీ చెప్పి, ఒక జోకేసి, ‘టెక్నికల్ ప్రాబ్లం, ఒక్క నిమిషం’ అంటే చాలు. సబ్జెక్టు తెలిసినవాడికి అదొక లెక్కే కాదు.”

టీచర్ల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు శిక్షణ తరగతుల్లో మైకు, ప్రొజెక్టర్ చూసుకునే పని నాది. అందుకని దీనికి జవాబు చెప్పాలనిపించింది.

మొదట ఆ ‘ఒక్క నిమిషం’ సంగతి. హాల్లో ఇన్వర్టర్ ఉన్నా చాలాచోట్ల అది లైట్లకు, ఫ్యాన్లకే. కరెంటు పోతే ప్రొజెక్టర్ ఆరిపోతుంది. మన దగ్గర ఇంకా ఎక్కువగా కనిపించే బల్బు ప్రొజెక్టర్‌కు ఒక గుణం ఉంది: వేడిగా ఉన్న బల్బు కరెంటు రాగానే వెలగదు. చల్లారాలి, వెలగాలి, వెలుతురు నిండుగా రావాలి. కరెంటు వెంటనే వచ్చినా బొమ్మ పడేసరికి నాలుగైదు నిమిషాలు అనుకోవాలి. అదే HDMI వైరు వదులై తెరమీద No Signal అని వస్తే, తీసి గట్టిగా పెడితే అర నిమిషంలో పని అయిపోతుంది. ఈ రెండింటికీ ‘ఒక్క నిమిషం’ అనే ఒకే మాట ఎట్లా సరిపోతుంది? రెండో నిమిషానికి ఫోన్లు బయటికొస్తాయి, మూడో నిమిషానికి పక్కవాళ్లతో ముచ్చట్లు మొదలవుతాయి. ఆ తర్వాత స్లయిడ్లు వచ్చినా జనం రారు.

రాసిపెట్టుకునే మాటలో మూడు ఉండాలి: ఏం పోయింది, ఎంతసేపు పడుతుంది, అప్పటిదాకా వినేవాళ్లు ఏం చెయ్యాలి. మొదటి రెండూ టెన్షన్ తగ్గిస్తాయి. మూడోది మనసు పక్కకు పోకుండా పట్టి ఉంచుతుంది. జోకులో లేనిది ఈ మూడోదే. నవ్వు పది సెకన్లలో అయిపోతుంది, మిగతా నాలుగు నిమిషాలు అట్లాగే ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండ దగ్గర ఒక హైస్కూల్లో ఫ్లోరైడ్ నీళ్ల మీద తల్లిదండ్రులకు సైన్సు టీచరు మాట్లాడుతున్నారనుకోండి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ టెక్నిక్’ బొమ్మ రావాల్సిన సమయానికి కరెంటు పోయింది. టీచరు ముందే రాసి చేతిలో పెట్టుకున్న కార్డు మీద ఈ మాట ఉంది:

“కరెంటు పోయింది. తెర మళ్ల రావడానికి ఐదు నిమిషాలు పడ్తది. అప్పటిదాంక పక్కనున్నోళ్లకు ఒక్క సంగతి చెప్పుండ్రి: మీ ఇంట్ల తాగే నీళ్లు బోరువా, నల్లావా, క్యానువా? రెండు నిమిషాలైనంక చేతులెత్తమంట.”

ఆ రెండు నిమిషాలు టీచరుకు దొరికిన ఊపిరి. ల్యాప్‌టాప్ చూసే మనిషితో మాట్లాడొచ్చు, కార్డు తిప్పి వెనకవైపు చూసుకోవచ్చు. తర్వాత చేతులు ఎత్తిస్తే బోరు నీళ్లు తాగేవాళ్లు ఎవరో అందరికీ కళ్లముందే కనపడుతుంది. ఇక స్లయిడు లేకుండానే అక్కడినుంచి అందుకోవచ్చు. కార్డు వెనక ఆ స్లయిడులో తప్పనిసరైన అంకెలు రెండే ఉంటాయి: లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పద్ధతి చెప్పడానికి చేతులు చాలు: బకెట్టులో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి, మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు చేరాక పైనీళ్లు తీసుకోవడం. ఈ మూడింటి మోతాదు నీళ్లను బట్టి మారుతుంది కాబట్టి పరీక్ష చేయించకుండా అందాజాగా వేయొద్దని కూడా అక్కడే చెప్పాలి. బొమ్మ లేకపోయినా విషయం ఎక్కడా తెగలేదు.

ఆ ప్రశ్న అప్పటికప్పుడు తట్టదా అంటే, తట్టే మనిషికి తట్టొచ్చు. కానీ ఆ క్షణంలో ఆయన ఒక కన్నుతో తెర, ఒక కన్నుతో వైరు, మూడో కన్నుంటే దానితో ముందు వరసలో కూర్చున్న పెద్దసారు మొహం చూస్తుంటారు. సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లే ఎక్కువ తడబడటం చూశాను, ఎందుకంటే వాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంటుంది, ఏది ముందో తేలదు.

మైకు పోయినప్పుడైతే ఆ జోక్ సలహా అసలే పనికిరాదు. ముందు రెండు వరసలు నవ్వుతాయి, వెనకవాళ్లు మనమీద ఏమో అన్నారనుకుంటారు. దీనికి రాసుకునే మాట నాలుగైదు పదాలు దాటకూడదు. చెయ్యి పైకెత్తాలి, వేదిక దిగి హాలు మధ్యకు నడవాలి, అప్పుడు గట్టిగా: “మైకు పోయింది. ముందుకు జరగుండ్రి.” అంతే. కుర్చీలు జరిగే చప్పుడులోనే మైకు బ్యాటరీ సెల్లులు మార్చేవాళ్లు మార్చేస్తారు. వైర్‌లెస్ మైకు ఆగే ముందు తరచుగా గరగరమని, మాట మధ్యలో తెగుతుంది. అది వినగానే కొత్త సెల్లులకు సైగ చెయ్యాలి. కూత పెడితే మాత్రం వేరే సంగతి: మాట్లాడేవాళ్లు స్పీకరు డబ్బా ముందుకు వచ్చారని అర్థం, రెండడుగులు వెనక్కి వెయ్యాలి. చాలామంది కంగారులో మైకు తలను అరచేత్తో మూస్తారు. దాంతో కూత ఇంకా పెరుగుతుంది.

వీడియో ఆడుతూ శబ్దం మాత్రం రాకపోవడం మూడోది. HDMI వైరు పెట్టగానే ల్యాప్‌టాప్ శబ్దాన్ని ప్రొజెక్టర్‌కు పంపేయడం వల్ల ఇది ఎక్కువగా జరుగుతుంది. కింద మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి మార్చుకోవాలి. మారేదాకా వీడియో ఆపకుండా “బొమ్మ చూడుండ్రి, మాట నేను చెప్త” అనగలగాలంటే ఆ వీడియో సారాంశం రెండు వాక్యాల్లో కార్డు మీద ఉండాలి.

బట్టీ వాసన గురించి అన్నది మాత్రం సగం నిజం. “సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నాము” అని రాసుకుంటే రైల్వే స్టేషన్ ప్రకటనలాగే ఉంటుంది. తప్పు రాసుకోవడంలో లేదు, ఇంట్లో మాట్లాడినట్టు రాసుకోకపోవడంలో ఉంది. రాసింది రెండుసార్లు పైకి చదివితే ఎక్కడ నాలుక తిరగదో తెలిసిపోతుంది. సారీ ఒక్కసారి చాలు, అదీ తప్పు మనదైతేనే. కరెంటు పోయిందానికి క్షమాపణ దేనికి?

ఈ మాటలకూ హద్దుంది. ఆంప్లిఫయర్ నుంచి కాలిన వాసన వస్తే ఏ కార్డూ చదవొద్దు, మెయిన్ ఆపి జనాన్ని బయటికి పంపాలి. ఒకే సభలో తెర రెండోసారి పోతే మొదటి మాటే మళ్లీ అంటే నవ్వులపాలవుతాం. అప్పటికి రాసుకునేది ఒక్కటే: “ఇగ తెర వద్దు, మనమే మాట్లాడుకుందం.”

తెర తిరిగొచ్చాక కూడా ఒక తప్పు జరుగుతుంది. F5 నొక్కి మొదటి స్లయిడు నుంచి అందరి ముందూ చకచకా తిప్పుకుంటూ వస్తారు. అప్పటిదాకా నిలబెట్టుకున్న శ్రద్ధ అక్కడ పోతుంది. పవర్‌పాయింట్‌లో Shift+F5 నొక్కితే ఎంచుకుని ఉన్న స్లయిడు నుంచే మొదలవుతుంది. షో నడుస్తుండగా స్లయిడు నంబరు కొట్టి Enter నొక్కితే నేరుగా దానికే పోతుంది. అందుకే కార్డు మీద ప్రతి మాట పక్కన ఆ స్లయిడు నంబరు కూడా రాయిస్తాను.