నిచ్చెన లెక్కలో మింగేస్తున్న లైను

అంతులేని రెసిస్టర్ నిచ్చెన లెక్క ఫిజిక్స్ చదివినవాళ్లందరికీ ఏదో ఒక పరీక్షలో తగిలే ఉంటుంది. సిరీస్‌లో ఒక రెసిస్టర్ a, దాని వెనక పై తీగకీ కింది తీగకీ మధ్య అడ్డంగా ఒకటి b, మళ్లీ a, మళ్లీ b, అలా అంతు లేకుండా పోతుంది. ఎడమ చివర రెండు టెర్మినల్స్ మధ్య రెసిస్టెన్స్ ఎంత? గైడ్లలో జవాబు మూడు లైన్లలో తేల్చేస్తారు. మొత్తం R అనుకో. మొదటి సెక్షన్ తీసేసినా మిగిలేది అనంతమైన నిచ్చెనే కాబట్టి అదీ R. కాబట్టి:

```
R = a + b*R/(b + R)
R^2 - a*R - a*b = 0
R = (a + sqrt(a^2 + 4*a*b)) / 2
```

a, b రెండూ 1 ఓమ్ అయితే జవాబు 1.618. "మైనస్ రూట్ రెసిస్టెన్స్ కాలేదు కనుక వదిలేశాం", అయిపోయింది, తర్వాతి లెక్క.

జవాబు కరెక్టే. నా గొడవంతా మొదటి లైను గురించి. "మొత్తం R అనుకో" అన్నప్పుడే ఆ R అనేది ఒకటి ఉందని ఒప్పేసుకున్నాం. ఉంటే ఎంత ఉండాలో సమీకరణం చెబుతుంది. ఉందో లేదో మాత్రం చెప్పదు. ఈ తేడా పిల్లలకి చెప్పకుండా "అనంతంలోంచి ఒకటి తీస్తే అనంతమే" అని ముగించడం నాకు అస్సలు నచ్చదు. ఎందుకంటే ఇదే ట్రిక్కు అలాగే పట్టుకెళ్లి ఇంకో నిచ్చెన మీద వాడితే తప్పుదారి పట్టిస్తుంది. ఆ నిచ్చెన దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు ట్రిక్కుని సరిగ్గా వాడటం. తప్పులు ఎక్కువగా కోసే చోట జరుగుతాయి. కోశాక కుడివైపు మిగిలిన భాగం, మొదటి బొమ్మకి నకలులా ఉండాలి: మొదట a, తర్వాత b. అదే నిచ్చెన b తోనే మొదలైతే జవాబు 1.618 కాదు, 0.618. పాత నిచ్చెనలోంచి ముందున్న ఒక a తీసేసినట్టే కదా, 1.618లోంచి 1 పోయింది. కింది తీగలో కూడా ప్రతి సెక్షన్‌కి ఒక a ఉంటే, సిరీస్‌లో ఉన్నది 2a అని తీసుకోవాలి. అన్నీ 1 ఓమ్ అయితే అప్పుడు 2.732 వస్తుంది. కింది తీగలో ఉన్నదాన్ని చూడకుండా 1.618 రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇంకాస్త గమ్మత్తైనది, ప్రతి సెక్షన్ అంతకుముందు దానికి k రెట్లు ఉండే నిచ్చెన. ఇక్కడ మొదటి సెక్షన్ తీసేశాక మిగిలేది R కాదు, kR. రెసిస్టర్లన్నిటినీ k రెట్లు చేస్తే మొత్తం కూడా k రెట్లే అవుతుంది. మొదటి సెక్షన్‌లో రెండూ 1 ఓమ్, తర్వాతి దానిలో సగం, ఆ తర్వాత పావు అనుకుందాం. అప్పుడు R = 1 + (R/2)/(1 + R/2). సర్దితే R² = 2, అంటే 1.414 ఓమ్. ఇందులో kR బదులు R వేసినా ఒక జవాబు వచ్చేస్తుంది, అదీ చూడటానికి బాగానే ఉంటుంది. అందుకే ఆ తప్పు దానంతటది బయటపడదు.

ఇప్పుడు ఆ మింగేసిన లైను. R ఉందని ఎలా తెలుసు? పెద్ద గణితం అక్కర్లేదు. నిచ్చెనని కొన్ని సెక్షన్ల దగ్గర తెంపి, కుడి చివరని రెండు రకాలుగా వదలండి: ఒకసారి ఓపెన్‌గా, ఒకసారి షార్ట్ చేసి. అన్నీ 1 ఓమ్ అయితే ఓపెన్‌గా వదిలినప్పుడు ఒక సెక్షన్‌కి 2, రెండిటికి 1.667, మూడిటికి 1.625, నాలుగిటికి 1.619. షార్ట్ చేస్తే వరసగా 1, 1.5, 1.6, 1.615.

ఓపెన్ చివరకి ఇంకో సెక్షన్ తగిలించడమంటే ఏమీ లేని చోట కరెంట్‌కి కొత్త దారి ఇవ్వడం, కాబట్టి మొత్తం తగ్గడమే తప్ప పెరగదు. షార్ట్ స్థానంలో ఏదో ఒక రెసిస్టెన్స్ పెట్టడమంటే ఉన్న దారిని ఇరుకు చేయడం, కాబట్టి పెరగడమే తప్ప తగ్గదు. తెంపిన చోటికి అవతల అనంతంగా ఏముందో మనకి తెలియకపోయినా, అది సున్నాకీ అనంతానికీ మధ్య ఏదో ఒక విలువే. అంటే అసలు జవాబు ఈ రెండు వరసల మధ్యే ఇరుక్కుని ఉంది. మధ్య దూరం 1, 0.167, 0.025, 0.004 అంటూ మూసుకుపోతోంది. ఇదీ రుజువు. బోర్డు మీద ఐదు నిమిషాలు పట్టదు. దీన్ని వదిలేసి వర్గ సమీకరణం ఫార్ములాకి అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాదు.

మైనస్ రూట్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. -0.618ని సమీకరణం కుడివైపు పెడితే మళ్లీ -0.618 వస్తుంది, కాబట్టి అదీ నిజమైన పరిష్కారమే. కానీ దానికి వెంట్రుకవాసి పక్కన మొదలుపెట్టి సెక్షన్లు తగిలిస్తూ పోతే తేడా ప్రతిసారీ సుమారు 6.85 రెట్లు పెరుగుతుంది. 1.618 పక్కన మొదలుపెడితే అదే తేడా 6.85 వంతున తగ్గుతుంది. అంటే నిచ్చెన ఒకదాన్నించి పారిపోయి రెండోదాని దగ్గర కుదురుకుంటుంది. "నెగటివ్ కాబట్టి వద్దు" అన్నది రెసిస్టర్ల వరకు చాలే కారణమే, కానీ రూట్లు రెండూ కాంప్లెక్స్ అయినప్పుడు అది చేతులెత్తేస్తుంది.

ఆ 6.85 ఎక్కడిది? నిచ్చెనలో సెక్షన్ దాటినప్పుడల్లా ముందుకు పోయే కరెంట్ 0.382 వంతుకి తగ్గుతుంది, అది b/(b+R). దూరాన ఉన్న రెసిస్టర్‌లో చిన్న మార్పు ఇన్‌పుట్ దగ్గర ఎంత కనిపిస్తుందన్నది అక్కడికి చేరిన కరెంట్ వాటా వర్గాన్ని బట్టి ఉంటుంది, పవర్ I²R కాబట్టి. 0.382 వర్గం 0.146, దాని తలకిందులే 6.85.

దీనివల్ల బ్రెడ్‌బోర్డ్ మీద పనికొచ్చే విషయం ఒకటుంది. పది 1 కిలో ఓమ్ రెసిస్టర్లతో ఐదు సెక్షన్లు కట్టి, చివర ఓపెన్‌గా వదిలి మల్టీమీటర్ పెడితే లెక్క ప్రకారం 1618 ఓమ్ రావాలి. ఐదు సెక్షన్ల నిచ్చెనకీ అనంతమైన నిచ్చెనకీ మధ్య తేడా ఓమ్‌లో ఐదోవంతు కూడా లేదు. ఒక శాతం టాలరెన్స్ ఉన్న రెసిస్టర్లు వాడితే, మొదటి సిరీస్ రెసిస్టర్ ఒక్కటే రీడింగ్‌ని 10 ఓమ్ జరపగలదు, మొదటి అడ్డ రెసిస్టర్ ఇంకో 3.8. రెండో సెక్షన్ మొత్తం కలిపినా 2 ఓమ్ చాలు. అంటే ఇంకో ఇరవై సెక్షన్లు కడితే "అనంతానికి దగ్గరవుతాం" అనుకోవడం శుద్ధ దండగ. ఆ రెసిస్టర్లు వెచ్చించే బదులు ముందు పెట్టబోయే రెండిటినీ మీటర్‌తో కొలిచి ఎంచుకోండి.

రీడింగ్ తప్పొస్తే ఎక్కడ చూడాలో కూడా అవే అంకెలు చెబుతాయి. 2000 వచ్చిందంటే మొదటి సెక్షన్ తర్వాత కనెక్షన్ తెగింది. 1667 అయితే రెండో దాని తర్వాత. 2618 అయితే మొదటి అడ్డ రెసిస్టర్ కాలు బోర్డులో దిగలేదు. 1000 అయితే మొదటి అడ్డ రెసిస్టర్ రెండు కాళ్లూ ఎక్కడో కలిసిపోయాయి, 1500 అయితే రెండోదానివి. నాలుగో సెక్షన్ అవతల ఏం తెగినా ఇన్‌పుట్ దగ్గర తెలియదు, టాలరెన్స్‌లో కలిసిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే మీటర్‌ని అటు చివరికి తీసుకెళ్లాల్సిందే.

a = R, b = 2R పెడితే ఫార్ములా ముచ్చటగా సరిగ్గా 2R ఇస్తుంది. అందుకే డిజిటల్ నుంచి అనలాగ్‌కి మార్చే R-2R నిచ్చెనలో చివర ఒక 2R తగిలిస్తారు. ఆ ఒక్క రెసిస్టర్ అవతల ఉండాల్సిన అనంతం మొత్తానికి బదులు నిలబడుతుంది, ప్రతి సెక్షన్ సరిగ్గా సగానికి విభజిస్తుంది. ఇక్కడ అనంతం గురించి వాదనే అక్కర్లేదు, R ఉందా అన్న అనుమానమూ రాదు.

ఇప్పుడు ట్రిక్కు దెబ్బతినే చోటు. సిరీస్ రెసిస్టర్ల స్థానంలో ఇండక్టర్లు, అడ్డ రెసిస్టర్ల స్థానంలో కెపాసిటర్లు పెట్టండి, నష్టం ఏమాత్రం లేనివి. ఇండక్టర్ రియాక్టెన్స్, కెపాసిటర్ రియాక్టెన్స్ రెండూ 1 ఓమ్ అయ్యే ఫ్రీక్వెన్సీ తీసుకుందాం. a = j, b = -j. ఫార్ములా ఇచ్చేది 0.5j ప్లస్ లేదా మైనస్ 0.866. రెసిస్టర్ ఒక్కటీ లేని సర్క్యూట్‌లో 0.866 ఓమ్ రెసిస్టెన్స్ ఎక్కణ్ణించి ఊడిపడింది?

చివర ఓపెన్‌గా వదిలి ఒక్కొక్క సెక్షన్ లెక్క కట్టి చూడండి. ఒక సెక్షన్: j, -j సిరీస్‌లో, మొత్తం సున్నా. రెండు: అడ్డంగా ఉన్న -jకి ఆ సున్నా సమాంతరం, అంటే షార్ట్, మిగిలేది j. మూడు: -jకి j సమాంతరం, రెండూ రెజొనెన్స్‌లో పడి అనంతం. నాలుగు: అనంతం అంటే మళ్లీ ఓపెన్ చివరే, కాబట్టి మళ్లీ సున్నా. సున్నా, j, అనంతం, సున్నా, j, అనంతం. కోటి సెక్షన్లు కట్టినా ఈ మూడిట్లో ఒకటే వస్తుంది, 0.866 దరిదాపుల్లోకి కూడా రాదు. ఇక్కడ R అనే లిమిట్ లేదు. సమీకరణం మాత్రం ఏమీ ఎరగనట్టు జవాబు ఇచ్చేసింది.

ఇక్కడ సెక్షన్ దాటినా కరెంట్ తగ్గదు, వాటా సరిగ్గా 1. కాబట్టి ఏ రూటూ లాగదు, ఏ రూటూ తోయదు. ఆ 0.866కి అర్థం రావాలంటే ప్రతి ఇండక్టర్‌లో కాస్త రెసిస్టెన్స్ పెట్టి, సెక్షన్లని అనంతం చేసి, ఆ తర్వాతే రెసిస్టెన్స్‌ని సున్నాకి తేవాలి. అప్పుడు ప్లస్ రూట్ నిలబడుతుంది: పంపిన పవర్ నిచ్చెన వెంట వెళ్లిపోతూ వెనక్కి రాకపోవడమే ఆ రెసిస్టెన్స్. ఈ క్రమం తారుమారు చేస్తే పైన చూసిన మూడు అంకెల చక్రమే మిగులుతుంది. ప్రతి ఇండక్టర్‌కీ 0.1 ఓమ్ నష్టం ఇస్తే చివర చేసిన తప్పు సెక్షన్‌కి సుమారు 11 శాతం చొప్పున మాత్రమే చస్తుంది. రెసిస్టర్ల నిచ్చెనలో మూడు సెక్షన్లలో నూరోవంతుకి పడిపోయే తేడా, ఇక్కడ అంత తగ్గాలంటే దాదాపు నలభై సెక్షన్లు కావాలి.