ఫీజును బట్టి పగులు

నిర్మాణ లోపాల కేసుల్లో నిపుణుడి నివేదిక ఎలా ఉండాలో మన దగ్గర ఒక చక్కటి సంప్రదాయం ఉంది. ముందు ఫీజు, తర్వాత అభిప్రాయం, కాగితంలో ఖాళీ మిగిలితే వాస్తవాలు. ఈ వరస తప్పనివారు చాలామందే ఉన్నారు కాబట్టి వ్యవస్థ సాఫీగా నడుస్తోంది. ఈమధ్య కొందరు మాత్రం దాన్ని చెడగొడుతున్నారు. వాళ్ల గురించి హెచ్చరించక తప్పడం లేదు.

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకోండి. పై అంతస్తు ఫ్లాట్‌లో మూడు గదుల్లో, పై బీమ్ అడుగున గోడ ముగిసే చోట, అడ్డంగా గీత గీసినట్టు పగులు వచ్చింది. ఫ్లాట్ చేతికొచ్చి మూడేళ్లు. ఓనరు కేసు వేశాడు. ఇక నిపుణులు దిగారు.

ఓనరు తరఫు నిపుణుడు మే నెల మధ్యాహ్నం వచ్చాడు. ఎండకు కాలిన శ్లాబు కింద, మూలన ప్లాస్టర్ అంచు ఊడిపోయిన చోట స్కేలు పెట్టి 4 మిల్లీమీటర్లు అని రాసుకున్నాడు. ఊడిన అంచును కూడా పగులు కిందే లెక్కేస్తే వెడల్పు ఉదారంగా వస్తుంది. తర్వాత గోడ మీద, ప్లాస్టర్ మీదనే, రీబౌండ్ హ్యామర్‌తో కొట్టాడు. కాంక్రీటు పైతలం మీద నేరుగా కొట్టాల్సిన పరికరమది. అలా సరిగ్గా కొట్టినా బలం అంచనా పాతిక శాతం అటూ ఇటూ ఉండొచ్చని దాని ప్రమాణ పత్రమే ఒప్పుకుంటుంది. ఆయనకు అంత తీరిక లేదు. లాయరుగారు ఫోన్‌లో "సార్, కాస్త బలంగా రాయండి" అన్నారు. ఆయన బలంగానే రాశారు: "బిల్డర్ ఘోర నిర్లక్ష్యం వల్ల పునాది కుంగి ఏర్పడిన ప్రమాదకరమైన పగులును గమనించాను."

ఈ వాక్యానికి దండం పెట్టాలి. కళ్లతో చూసింది ఒక్క పగులు. నిర్లక్ష్యం, పునాది, ప్రమాదం, ఈ మూడూ ఆయన ఊహలు. అయినా నాలుగింటినీ 'గమనించాను' అనే ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. జడ్జిగారు ఇది చూసిందా, అనుకున్నదా అని విడదీయబోతే చేతికి ఏమీ చిక్కదు.

బిల్డర్ తరఫు నిపుణుడు ఇంకా నిపుణుడు. డిసెంబరులో పొద్దున్నే వచ్చి, గది మధ్యలో పగులు సన్నగా ఉన్న చోట కొలిచాడు. 0.2 మిల్లీమీటర్. "అన్నా, హెయిర్‌లైన్ అని ఒక్క ముక్క పడితే చాలు" అని సైటు నుంచి అడిగారు. అది పడింది: ప్లాస్టర్ ఎండేటప్పుడు వచ్చిన మామూలు క్రాక్, పెయింట్‌తో పోతుంది. ప్లాస్టర్ ఎండి వచ్చే పగుళ్లు సాధారణంగా వలలాగా, అన్ని దిక్కులా, సన్నగా పాకుతాయి. మూడు గదుల్లోనూ బీమ్ అడుగునే స్కేలు పెట్టి గీసినట్టు ఎందుకొచ్చాయన్న ప్రశ్న ఆయన నివేదికలో లేదు. ప్రశ్నే లేకపోతే సమాధానం తప్పయ్యే ప్రమాదం కూడా లేదు. ఫొటోలు జత చేశాడు. వాటిలో పక్కన స్కేలు గానీ తేదీ గానీ లేవు. కళాదృష్టితో తీసినవి.

రెండు నివేదికల మీదా పేర్లు మూసేసి చదివినా ఏది ఎవరు డబ్బిచ్చి రాయించారో పిల్లాడు కూడా చెప్పగలడు. ఇంతటి పారదర్శకత ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక్కడిదాకా అంతా సవ్యంగా ఉంది. కోర్టు పంపిన మూడో ఇంజనీరుతోనే అసలు గొడవ మొదలైంది. ఈయన ఇద్దరికీ నోటీసు ఇచ్చి, ఇద్దరినీ పక్కన పెట్టుకుని చూశాడు. గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అదే గుర్తు దగ్గర ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ కొలిచాడు. పొద్దున 0.3, మధ్యాహ్నం 0.8. రెండు చోట్ల ప్లాస్టర్ విప్పించి చూశాడు. కాంక్రీటూ ఇటుకా కలిసే చోట ప్లాస్టర్ కింద వెయ్యాల్సిన సన్నటి తీగల వల, చికెన్ మెష్, అక్కడ లేదు. కింది అంతస్తులన్నీ తిరిగాడు, ఇలాంటి పగులు ఎక్కడా లేదు. నాలుగో అంతస్తులో ఒక ఫ్లాట్‌కు తాళం ఉంది, దాన్ని చూడలేదని కూడా రాశాడు. ఇదంతా 'చూసినవి' అనే భాగం. అందులో 'నిర్లక్ష్యం' లేదు, 'మామూలు' కూడా లేదు. చదవడానికి ఎంత చప్పగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అభిప్రాయానికి వేరే పేజీ పెట్టాడు. అక్కడా కారణం చెప్పకుండా ఒక్క అడుగు వెయ్యలేదు. ఆయన రాసింది ఇదీ: పునాది కుంగితే పగుళ్లు ఎక్కువగా ఏటవాలుగా వస్తాయి, కింది అంతస్తుల్లోనూ కనిపిస్తాయి, మధ్యాహ్నం తెరుచుకుని పొద్దునకి మూసుకోవు. ఇది పై అంతస్తులోనే ఉంది, వేళను బట్టి మారుతోంది. కాంక్రీటు డిగ్రీకి పది లక్షల్లో దాదాపు పది వంతులు సాగుతుంది. 10 మీటర్ల శ్లాబు 20 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లు, అంటే రెండు చివరలా చెరో మిల్లీమీటర్. కొలతలు ఆ స్థాయిలోనే ఉన్నాయి. కాబట్టి పైకప్పు వేడికి సాగి ముడుచుకోవడం వల్ల వచ్చిన పగులు అయ్యే అవకాశం ఎక్కువ. భవనం నిలబడటానికి దీనివల్ల ప్రమాదం కనిపించలేదు. అయితే ఒప్పందంతో ఇచ్చిన స్పెసిఫికేషన్‌లో మెష్ ఉంది, గోడలో లేదు. మెష్ ఉంటే పగులు అసలు వచ్చేదే కాదని చెప్పలేను, సన్నగా ఉండేదని మాత్రం చెప్పగలను. తాళం వేసిన ఫ్లాట్‌లో ఏటవాలు పగుళ్లు బయటపడితే ఈ అభిప్రాయం మార్చుకుంటాను.

అభిప్రాయం మార్చుకుంటాడట! ఎప్పుడు మార్చుకుంటాడో ముందే చెప్పే నిపుణుణ్ణి ఎవరు నమ్ముతారు?

ఈ జబ్బుకి మూలం సుప్రీంకోర్టే అనిపిస్తుంది. హిమాచల్ ఆపిల్ తోటల కేసులో, 1999లో, నిపుణుడు వాస్తవానికి సాక్షి కాడని, తన నిర్ణయాన్ని పరీక్షించుకునే కొలమానాలను జడ్జికి అందించడమే ఆయన పని అని చెప్పింది. అంటే జడ్జిగారు సొంతంగా లెక్క వేసుకోవాలన్నమాట. నిపుణుల అభిప్రాయం గురించిన పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌ను ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 39గా మార్చారు గానీ, 'నిపుణుడు తన కక్షిదారుకి నమ్మకస్తుడై ఉండాలి' అనే అవసరమైన సవరణ మాత్రం ఎవరూ తేలేదు.

బాధ్యత ఎవరిదో కూడా ఈ మూడో ఇంజనీరు రాయలేదు. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడినా, అది కట్టడాన్ని కూల్చేంతటిది కాకపోయినా, అడిగిన ముప్ఫై రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలని రెరా చట్టం 14వ సెక్షన్ అంటుంది. ఆ మాట అనడం తన పని కాదట. ఒకరికి 'ప్రమాదకరం' దొరకలేదు, ఇంకొకరికి 'పెయింట్‌తో పోతుంది' దొరకలేదు. వారం తిరక్కముందే రెండు వైపుల లాయర్లూ అభ్యంతరాలు దాఖలు చేశారు. రెండింటిలోనూ మొదటి పేరా ఒకటే: నివేదిక పూర్తిగా ఎదుటి పక్షానికి అనుకూలంగా ఉంది.