అరవై సెకన్లలో పర్లాకిమిడి

గత నెలలో ఒక సోమవారం ఉదయం పది గంటలకు, భువనేశ్వర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో, పధ్నాలుగు మంది ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ బృందానికి పెద్ద అయినాయన “అందరూ ఒక్కొక్క నిమిషంలో తమను తాము పరిచయం చేసుకోవాలి” అని ప్రకటించి, తాను మాత్రం పదకొండు నిమిషాలు పరిచయం చేసుకున్నాడు. మిగిలిన పదమూడు మందిలో మా మేనకోడలు ఒకతె. ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌కు పర్లాకిమిడి నుంచి వెళ్ళిన ఆ పిల్ల, తన వంతు అరవై సెకన్ల కోసం అంతకు ముందు నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

ఇంటర్న్‌షిప్ తొలిరోజు ఆత్మపరిచయం మన విద్యావ్యవస్థలో ఒక సంస్కారంగా స్థిరపడిందని, దానికి మంత్రం కూడా ఉన్నదని పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ మంత్రం “గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, మైసెల్ఫ్ ఫలానా” అని మొదలవుతుంది. పిదప తండ్రిగారి వృత్తి వస్తుంది, తల్లిగారు గృహిణి అని వస్తుంది, పదవ తరగతి మార్కులు వస్తాయి. అభిరుచులు సంగీతం వినడం, క్రికెట్ చూడడం. బలం కష్టపడి పనిచేయడం. బలహీనత అన్నీ మరీ శ్రద్ధగా చేయడం. ఈ దేశంలో ఇన్ని లక్షల మంది పిల్లలకు ఒకే బలహీనత ఉండడం వైద్యశాస్త్రం గమనించవలసిన విషయమని నా మనవి.

మా మేనకోడలు రాసుకున్నది అచ్చంగా ఇదే. దానిని ఆమె మనసులో చదువుకుంటే సరిగ్గా నిమిషం పట్టింది. “పైకి చదువమ్మా” అని గోడ గడియారం ముందు నిలబెడితే రెండు నిమిషాలు దాటింది. మనసులోని నాలుక ఊపిరి పీల్చుకోదు, తడబడదు, ఎదుటివాడి ముఖం చూసి ఆగదు. పైకి మాట్లాడే నాలుక ఈ మూడూ చేస్తుంది. ఇంగ్లీషులో ఒక మనిషి తొందరపడకుండా మాట్లాడితే నిమిషానికి నూట ఇరవై, నూట ముప్ఫై మాటలకు మించి వెళ్ళవు. కనుక ఇంట్లో నలభై అయిదు సెకన్లకు సరిపోయేంత రాసుకుంటేనే అక్కడ అరవైకి చేరుతుంది. ఈ లెక్క ఆమెకు చెప్పినందుకు “మామయ్యా, నువ్వు బరంపురం బ్యాంకులో పనిచేసి రిటైరయినట్టు లేదు, ఆకాశవాణిలో చేసినట్టుంది” అని మెచ్చుకున్నది. మెప్పో మరొకటో నాకింకా తేలలేదు.

అయితే రోగం నిడివిలో లేదు. ఆ మంత్రమంతా ఉద్యోగ ముఖాముఖికి పుట్టినది. అక్కడ ఎదురుగా కూర్చున్నవాడు “నిన్ను ఎందుకు తీసుకోవాలి?” అని అడుగుతాడు కాబట్టి, మార్కులు, బలాలు, వినయంతో కూడిన బలహీనతలు ఏకరువు పెట్టడానికి ఏదో ఒక అర్థముంది. బృంద సమావేశం నాటికి ఆ పిల్లను తీసుకోవడం అయిపోయింది, మెడలో ఐడీ కార్డు కూడా పడింది. బల్ల చుట్టూ ఉన్నవారికి తెలియవలసినది వేరు: ఈమెను ఏమని పిలవాలి, ఈ ఎనిమిది వారాలు ఎవరి దగ్గర ఏ పని చేస్తుంది, ఏ విషయానికి ఆమె దగ్గరకు మనం వెళ్ళవచ్చు, ఏ విషయానికి ఆమె మన దగ్గరకు వస్తుంది. అంతే. పెళ్ళయిన మర్నాడు అల్లుడు లేచి మళ్ళీ పెళ్ళిచూపుల్లో చెప్పిన మాటలే చెబితే అత్తవారు ఏమనుకుంటారో, పదవ తరగతి మార్కులు విన్న బృందం అదే అనుకుంటుంది.

కాబట్టి మేము కొత్తగా రాశాము. మొదట పేరు, నెమ్మదిగా, దాని తరువాత ఒక చిన్న విరామం. పిదప ఊరు. పిదప “యాప్‌లో బిల్లు కట్టే పేజీని పరీక్షించే పనిలో ఫలానా సీనియర్ దగ్గర ఎనిమిది వారాలు ఉంటాను” అన్న వాక్యం. పిదప ఆమె నిజంగా చేసిన పని ఒక్కటి: “మా హాస్టల్ మెస్ లెక్కలకు ఒక చిన్న ప్రోగ్రాం రాశాను, నెలాఖరున రెండు రోజులు పట్టే లెక్క దానితో గంటలో తేలేది.” పిదప “ఇంతవరకు నేను రాసినదే నేను చదువుకున్నాను, ఇతరులు రాసిన కోడ్ చదవడం నాకు కొత్త, కనుక మొదటి రెండు వారాలు ప్రశ్నలు ఎక్కువగా అడుగుతాను.” చివర మళ్ళీ పేరు. పైకి చదివితే నలభై సెకన్లు. శ్రద్ధాసక్తులు, నిబద్ధత వంటి మాటలు ఒక్కటీ లేవు. రెండు రోజుల లెక్క గంటలో తేల్చిన పిల్లకు శ్రద్ధ ఉన్నదో లేదో వినేవారే తేల్చుకుంటారు.

ఈ ప్రతిలో ఒక ఘోరమైన తప్పు ఉంది. అది నాదే. ఊరిని రెండో వాక్యంలో పెట్టమన్నది నేను.

సోమవారం ఆమె వంతు ఆరవది. నిలబడి, పేరు చెప్పి, నేర్పినట్టే విరామమిచ్చి, “మాది పర్లాకిమిడి” అన్నది. అప్పటికి గడిచినది ఏడు సెకన్లు. బృందం పెద్ద తల ఎత్తి, “పేరు చూస్తే తెలుగువారిలా ఉన్నారు, ఆంధ్రా నుంచి వచ్చారా?” అని అడిగాడు. కాదండీ, గజపతి జిల్లా, ఒడిశాయే అన్నది. “అయితే ఒడియావారా?” కాదండీ, ఇంట్లో తెలుగు. “మరి ఎప్పుడు వలస వచ్చారు?” ఎక్కడి నుంచీ రాలేదండీ. బల్లకు అవతలి కొసన విశాఖపట్నం నుంచి వచ్చిన మరొక ఉద్యోగి ఉన్నాడు. ఆయన ఎంతో ఆప్యాయంగా వంగి, “ఒడిశావారై ఉండి తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!” అని తెలుగులో అభినందించాడు. ఆమె అప్పటికి తెలుగులో పలికినది తన పేరొక్కటే. ఇంకొకరు పర్లాకిమిడిలో చలి ఎక్కువా అని అడిగారు. వేరొకరు జగన్నాథుడి రథయాత్రకు అక్కడ సెలవు ఇస్తారా అన్నారు. అంతలో చేతిలో ఫోను గడియారం పట్టుకున్న మానవ వనరుల అమ్మాయి “టైమ్ అయింది, తరువాతివారు” అన్నది. బిల్లు పేజీ, మెస్ లెక్క, మొదటి రెండు వారాల ప్రశ్నలు, చివరి పేరు, అన్నీ ఆ పిల్ల గొంతులోనే ఉండిపోయాయి.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. ఈ ఒక్క చోట నాకు నవ్వు రావడం లేదు. మహేంద్రతనయ ఏటికి ఇవతల మా అక్క ఇల్లు; అవతల పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత మా ఊరికి అవతల పడింది, మా తాతలు కదలలేదు, గీతే కదిలింది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితంలో అధికభాగం గడిపిన ఊరు అది, ఆ నిర్ణయం నచ్చక ఆయన రాజమండ్రికి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివారు ఉండిపోయారు, ఒడియాలో చదువుకున్నారు, తెలుగులో ఏడ్చారు, రెండింటిలోనూ పనిచేసి పన్నులు కట్టారు. ఆ ఉండిపోయినవారి మునిమనవరాలు ఇరవై ఏళ్ళ వయసులో, నిలబడి, గడియారం నడుస్తుండగా, తాను ఎవరో ఋజువు చేసుకోవాలా? విజయవాడ పిల్లవాడు విజయవాడ అంటే చాలు, కటక్ పిల్లవాడు కటక్ అంటే చాలు. మా పిల్ల మాత్రం ఊరి పేరు చెప్పిన పాపానికి దానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి, అదీ పని గురించి చెప్పవలసిన నిమిషంలో! అడిగినవారిలో ఒక్కరికీ దురుద్దేశం లేదు. అదే నాకు మరీ మంట. దురుద్దేశమైతే తిట్టవచ్చు, ఆప్యాయతను ఏం చేస్తాము?

కోపం దిగిన తరువాత ఆలోచిస్తే ఇందులో సాంకేతిక దోషం కూడా ఉందని ఒప్పుకోక తప్పదు. వినేవాడి చేతికి మొదట ఏది దొరికితే దానినే పట్టుకుంటాడు. ఊరిని ముందు పెడితే ఊరిని పట్టుకున్నాడు, పనిని ముందు పెడితే “ఏ మెస్? ఏ లెక్క?” అని దానిని పట్టుకునేవాడు, ప్రశ్నలతో కాలం హరించినా అది ఆమెకు పనికివచ్చే హరణమే అయ్యేది. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం నుంచి వెళ్ళే పిల్లలు ఊరిని చివరి వాక్యంలో, గడియారం అరవైకి దగ్గరపడ్డాక పెట్టుకోవడం మేలు. అప్పుడు ఎవరైనా ఆంధ్రానా ఒడిశానా అని అడిగితే సమాధానం టీ వేళకు వాయిదా పడుతుంది.

ఇక విన్నవారి సంగతి. 1973లో మాల్కం బ్రెన్నర్ అనే పరిశోధకుడు కొందరిని చుట్టూ కూర్చోబెట్టి, వంతుల వారీగా మాటలు పైకి చదివించి, తరువాత ఏమి గుర్తున్నదో అడిగాడు. తన వంతుకు సరిగ్గా ముందు పలికిన మాటలు ఎవరికీ సరిగా గుర్తులేవు. తన వంతు దగ్గరపడ్డవాడు చెవులతో అక్కడే ఉంటాడు, మనసుతో తన వాక్యాలు వల్లెవేసుకుంటూ ఉంటాడు. దీనిని మా భువనేశ్వర్ బల్లకు అన్వయిస్తే, మా మేనకోడలికి ముందు మాట్లాడిన అయిదవ వ్యక్తి ఆమె దృష్టిలో కేవలం పెదవులు కదిపాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపు ఏడవ వ్యక్తి ఇష్టదైవాన్ని తలుచుకుంటూ ఉన్నాడు. పదమూడు మంది ఒకరి తరువాత ఒకరు, పక్కవాడు వినని పరిచయాలు చేసుకోవడాన్ని కార్యాలయాల్లో “ఒకరినొకరు తెలుసుకోవడం” అంటారు.

ఈ నష్టానికి పూడిక సమావేశంలో లేదు, తలుపు బయట ఉంది. లేచిన వెంటనే ముందు మాట్లాడినవాడి దగ్గరకే వెళ్ళి, “నా వంతు కంగారులో మీ పేరు వినలేదు, మళ్ళీ చెబుతారా?” అని అడగాలి. ఆ రోజు అడిగితే అది మర్యాద. నాలుగో రోజు అడిగితే అవమానం. మా పిల్ల సోమవారం మధ్యాహ్నమే తాను చెప్పలేకపోయిన నాలుగు వాక్యాలనూ బృందం చాట్‌లో రాసిపెట్టింది, ఊరు లేకుండా. సాయంత్రానికి ఇద్దరు మెస్ లెక్క గురించి అడిగారట. పేరు అడిగే పని మాత్రం సిగ్గుపడి మానేసింది.

శుక్రవారం రాత్రి ఫోను చేసింది. “మామయ్యా, నా ఎడమ పక్క కూర్చునే అబ్బాయి పేరు ఇప్పటికీ తెలియదు. రోజూ రెండు పూటలా కలిసే టీ తాగుతాము.”

“కుడి పక్కవాడికి నీ పేరు తెలుసా?” అన్నాను.

“తెలియదనుకుంటాను. ఏదైనా కావలసి వస్తే ‘పర్లాకిమిడీ’ అని పిలుస్తున్నాడు.”