కార్టు నిండింది, చెల్లింపు ఎక్కడ ఆగింది? ఫనెల్ లెక్కలో చివరి మెట్టు

హైదరాబాద్‌లో చేనేత చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణదారులను కదిలిస్తే ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. చీరను కార్టులో వేసుకున్న ప్రతి అయిదుగురిలో నలుగురు డబ్బు కట్టకుండానే వెళ్లిపోతున్నారన్నది ఆ ఫిర్యాదు. దానికి వారు వెతుక్కునే విరుగుడు కూడా చాలామటుకు ఒకటే, వెళ్లిపోయిన వారందరికీ పది శాతం తగ్గింపు కూపన్ పంపడం. నిజానికి ఆ నిష్పత్తిలో కంగారు పడవలసినంత విశేషం లేదు. ఆన్‌లైన్ కొనుగోళ్ల తీరును పరిశోధించే డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలను కలిపి తేల్చిన సగటు కూడా 70 శాతం దరిదాపుల్లోనే ఉంది. కంగారు పడవలసింది ఆ శాతంలో ఎవరెవరు కలిసిపోయారో చూడకుండానే కూపన్లు పంచుతున్నందుకు. చీర చూడటం నుంచి డబ్బు కట్టడం దాకా ఒక్కో మెట్టులో ఎన్ని మిగిలాయో చూపే లెక్కనే ఫనెల్ అంటారు. ముఖ్యంగా దాని చివరి మెట్టులో, అంటే చెల్లింపు దగ్గర, వదిలేసినట్టు కనిపించే వారిలో కొందరు అసలు వదిలేయనే లేదు.

లెక్క అర్థం కావడానికి కూకట్‌పల్లిలో ఒక దుకాణం ఉందనుకుందాం. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు అమ్ముతుంది, వెబ్‌సైట్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల నుంచే వస్తారు. కింది అంకెలన్నీ ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. ఒక నెలలో చీర పేజీని 20,000 సార్లు చూశారు. 1,600 సార్లు చీర కార్టులోకి చేరింది, 720 సార్లు చెకౌట్ మొదలైంది, 560 సార్లు చిరునామా పూర్తయింది, 480 సార్లు చెల్లింపు బటన్ నొక్కారు, 290 సార్లు కొనుగోలు నమోదయింది. వెబ్‌సైట్‌లో జరిగేవాటిని లెక్కించే గూగుల్ అనలిటిక్స్ వాడేవారికి ఈ మెట్లు view_item, add_to_cart, begin_checkout, add_shipping_info, add_payment_info, purchase అనే పేర్లతో పరిచితమే. కార్టు నుంచి కొనుగోలు దాకా చేరినవి 18 శాతం కాబట్టి మిగతా 82 శాతం వదిలేసినట్టు నివేదిక చెబుతుంది.

సంఖ్యాపరంగా పెద్ద పతనం కార్టుకూ చెకౌట్‌కూ మధ్య ఉంది, అక్కడ 880 జారిపోయాయి. కంటికి ముందు కనిపించేది అదే, కానీ దాని నుంచి తెలుసుకోగలిగింది తక్కువ. చీరల కొనుగోలులో కార్టు అంటే చాలామందికి నచ్చినవి ఒకచోట దాచుకునే గంప మాత్రమే. నాలుగు చీరలు అందులో వేసి, స్క్రీన్‌షాట్ తీసి అక్కకో వదినకో పంపి, ఆమె ఎంచిన దాన్ని దుకాణం వాట్సాప్ నంబరుకే నేరుగా ఆర్డర్ ఇచ్చేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటి కొనుగోలు ఫనెల్‌లో వదిలేసిన కార్టుగానే మిగులుతుంది. కార్టు దశలో లాగిన్ అయిన వారి ఫోన్ నంబర్లను వాట్సాప్ ఆర్డర్ల నంబర్లతో పోల్చి చూస్తే ఈ భాగం ఎంతో కొంత తేలుతుంది, లాగిన్ కాని వారి విషయంలో మాత్రం తేలదు. అందుకే ఈ మెట్టు మీద పెద్ద నిర్ణయాలు కట్టడం నాకు సమ్మతం కాదు.

చిరునామా దగ్గర పడిపోయిన వారి సంగతి వేరు. రవాణా ఖర్చు పిన్‌కోడ్ ఇచ్చాకే కనిపించే దుకాణాల్లో ఆ తర్వాతి మెట్టులో కొందరు ఆగిపోవడం సహజం. నగరంలో ఉచితంగా పంపి, బయటి ఊళ్లకు రుసుము తీసుకునే దుకాణమైతే 500తో మొదలయ్యే పిన్‌కోడ్‌లను మిగతావాటితో పోల్చి చూడవచ్చు. అయితే నగరంలోని వారు దుకాణాన్ని స్వయంగా చూసి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ రుసుము ఖాతాలో వేయకూడదు. మొత్తం ధరను ముందే చెప్పకుండా చివర్లో అదనపు ఖర్చులు చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాలు తప్పుదోవ పట్టించే పద్ధతుల్లో ఒకటిగా చేర్చాయి కూడా. కాబట్టి ఫనెల్ ఏం చెప్పినా, రుసుమును చీర పేజీలోనే చూపించడం మంచిది.

ఇక చెల్లింపు మెట్టుకు వద్దాం. చిరునామా ఇచ్చి, మొత్తం చూసి, చెల్లింపు బటన్ నొక్కిన మనిషి కొనాలని తేల్చుకున్న మనిషి. అలాంటి 480 ప్రయత్నాల్లో 190 కొనుగోలుగా మారలేదని అనలిటిక్స్ అంటోంది. ఈ మాట నిజమో కాదో అనలిటిక్స్‌లోనే వెతికితే దొరకదు. దుకాణం తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు స్వీకరించే పేమెంట్ గేట్‌వే నుంచి ఆ నెల ఆర్డర్ల జాబితాను దింపుకొని, రెండింటినీ ఆర్డర్ ఐడీ ఆధారంగా జత చేయాలి. మన ఉదాహరణలో అలా జత చేస్తే ఆ 190లో 46 ఆర్డర్లకు డబ్బు వచ్చేసిందని తేలిందనుకుందాం. అంటే నిజంగా డబ్బు అందిన ఆర్డర్లు 336.

ఈ 46 ఎలా తప్పిపోయాయో చూస్తే మన దేశపు చెల్లింపుల తీరు అర్థమవుతుంది. ఫోన్‌లో యూపీఐ ఎంచుకోగానే బ్రౌజర్ వెనక్కి పోయి యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. కొనుగోలుదారు పిన్ కొడతారు, పచ్చటి టిక్కు కనబడుతుంది, పని అయిపోయిందని ఫోన్ పక్కన పెట్టేస్తారు. కొనుగోలును నమోదు చేసే purchase సంకేతం మాత్రం చాలా వెబ్‌సైట్లలో ‘ధన్యవాదాలు’ పేజీ తెరుచుకున్నప్పుడే వెళుతుంది. ఆమె తిరిగి బ్రౌజర్‌కు రాలేదు, లేదా ఈలోగా ఫోన్ మెమరీ చాలక ఆ పేజీ మూసుకుపోయింది. ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్ నుంచి వచ్చినవారికి ఈ చిక్కు మరింత ఎక్కువ, ఎందుకంటే యూపీఐ యాప్ నుంచి వెనక్కి వస్తే ప్రతిసారీ అదే పేజీకి చేరతారన్న హామీ లేదు. డబ్బు చేరింది, చీర ప్యాక్ అయింది, ఫనెల్‌లో మాత్రం ఆమె వదిలేసిన మనిషి.

కారణం ఇదేనా అని రుజువు చేసుకోవడం కష్టం కాదు. తప్పిపోయిన 46 ఆర్డర్లను చెల్లింపు పద్ధతి వారీగా విడదీయాలి. అవి దాదాపు అన్నీ ఫోన్‌లో చేసిన యూపీఐ చెల్లింపులై, ఓటీపీ తర్వాత అదే బ్రౌజర్‌లో ముగిసే కార్డు చెల్లింపుల్లో ఒకటి రెండు మించకపోతే లోపం పేజీకి తిరిగి రావడంలోనే ఉంది. అలా కాక అన్ని పద్ధతుల్లోనూ సమానంగా తప్పిపోతుంటే సంకేతం పంపే కోడ్‌లోనో, ప్రకటనలను అడ్డుకునే బ్రౌజర్‌లలోనో వెతకాలి. సరిదిద్దే మార్గం ఒకటే: డబ్బు అందిందని గేట్‌వే వెబ్‌హుక్ ద్వారా, అంటే దుకాణం సర్వర్‌కు నేరుగా పంపే సందేశంతో, చెప్పినప్పుడు ఆ సర్వరే కొనుగోలును నమోదు చేయడం. అప్పుడు మొదటి సందర్శనలో బ్రౌజర్‌ను గుర్తించడానికి అనలిటిక్స్ ఇచ్చిన client_id కూడా జతగా వెళ్లాలి, లేకపోతే ఆ అమ్మకం ఏ ప్రకటన వల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. పేజీ నుంచీ సర్వర్ నుంచీ ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కకు రాకుండా రెండింటిలోనూ ఒకే transaction_id ఉండాలి.

ఇప్పుడు కూపన్ సంగతి చూడండి. అనలిటిక్స్ జాబితాను నమ్మి సందేశాలు పంపే దుకాణం, ఖాతాలో పద్దెనిమిది వేలు కట్ అయిన మనిషికి ‘మీ చీర ఇంకా కార్టులోనే ఉంది, ఇప్పుడు కొంటే పది శాతం తక్కువ’ అని చెబుతుంది. డబ్బు పోయిందేమోనన్న భయం ఒకవైపు, ఎక్కువ కట్టానన్న బాధ మరొకవైపు. వెంటనే దుకాణానికి ఫోన్ వస్తుంది.

డబ్బు అందని 144 ఆర్డర్లు మిగిలాయి. ఇవి కూడా 144 మంది మనుషులు కారు. చెల్లింపు విఫలమైతే చాలామంది మళ్లీ ప్రయత్నిస్తారు, చాలా వెబ్‌సైట్లు ప్రతి ప్రయత్నానికీ కొత్త ఆర్డర్ ఐడీ సృష్టిస్తాయి. ఫోన్ నంబరు ఆధారంగా కలిపి చూస్తే 54 ఆర్డర్లు అదే రోజు మరో ప్రయత్నంలో డబ్బు కట్టినవారివే అనుకుందాం. మిగిలినవి 90, ఒక్కొక్కటి ఒక్కొక్కరిది. అప్పుడు చెల్లింపు దాకా వచ్చిన మనుషులు 336, 90 కలిపి 426 మంది, వారిలో కట్టినవారు 79 శాతం. మొదటి నివేదిక ఇదే మెట్టుకు 60 శాతం అని చెప్పింది. ఒక్క రూపాయి తగ్గింపు ఇవ్వకుండానే, కేవలం లెక్క సరిచేయడం వల్ల వచ్చిన తేడా ఇది.

నిజంగా పోయిన ఆ 90 మందిని గేట్‌వే ఇచ్చే వైఫల్య కారణాలను బట్టి విడదీయాలి. 29 మంది ఏ పద్ధతీ ఎంచుకోకుండానే వెళ్లిపోయారనుకుందాం. 23 మంది యూపీఐ యాప్ దాకా వెళ్లి పిన్ కొట్టకుండా గడువు దాటనిచ్చారు. కూపన్ ఎవరికైనా పని చేస్తే ఈ 52 మందిలోనే చేస్తుంది, అందరిలో కాదు. మిగతా 38 మందికి కొనాలన్న కోరిక ఉంది, చెల్లింపే సాగలేదు. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దాని వైఫల్యాలను రెండు రకాలుగా చూస్తుంది. పిన్ తప్పడం, నిల్వ చాలకపోవడం, పరిమితి దాటడం వంటివి కొనుగోలుదారు వైపు కారణాలు, వీటిని బిజినెస్ డిక్లైన్ అంటారు. బ్యాంకు సర్వరో, మధ్యలోని వ్యవస్థో స్పందించకపోవడం టెక్నికల్ డిక్లైన్. మన ఉదాహరణలో మొదటి రకం 17, రెండో రకం 21.

మొదటి రకంలో పట్టుచీరల వంటి ఎక్కువ ధర సరుకే ఎక్కువగా ఉంటే రోజువారీ పరిమితిని అనుమానించాలి. మామూలు యూపీఐ చెల్లింపులకు గరిష్ఠ పరిమితి లక్ష రూపాయలే అయినా బ్యాంకులు అంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు. పెళ్లి సామాను కొంటున్న ఇంట్లో ఉదయమే నగలకో హాలు అడ్వాన్సుకో ఆ పరిమితి అయిపోయి ఉండవచ్చు. అలాంటివారికి కావలసింది తగ్గింపు కాదు, విఫలమైన వెంటనే అదే పేజీలో కార్డు, నెట్ బ్యాంకింగ్ చూపించి, చిరునామా మళ్లీ అడగకుండా కొనసాగనివ్వడం. రెండో రకం వైఫల్యాలను గంటల వారీగా, బ్యాంకుల వారీగా పేర్చాలి. ఒకే సాయంత్రం ఒకే బ్యాంకు దగ్గర గుమిగూడి ఉంటే అది ఆ బ్యాంకు అంతరాయం, దుకాణం పేజీలో మార్చవలసిందేమీ లేదు. నెలంతా, అన్ని బ్యాంకుల్లోనూ పరుచుకుని ఉంటే గేట్‌వే అమరికను పరీక్షించాలి.

ఈ విశ్లేషణను నిన్నటి డేటా మీద ఈరోజే చేయకూడదు. విఫలమైనట్టు లేదా పెండింగ్‌లో ఉన్నట్టు కనిపించిన చెల్లింపు ఆలస్యంగా విజయవంతమయ్యే సందర్భాలున్నాయి. కొనుగోలుదారు ఖాతా నుంచి డబ్బు పోయి, వ్యాపారికి నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపును లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోగా తిప్పి ఇవ్వాలని, ఆపై ప్రతి రోజుకూ వంద రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్దేశించింది. కనీసం అన్నాళ్లు ఆగి, గేట్‌వే జాబితాను మళ్లీ దింపుకున్నాకే ఆ నెల లెక్క మూయాలి. నగదు డెలివరీ ఆర్డర్లను ఈ ఫనెల్‌లో కలపకపోవడమే మేలు, ఎందుకంటే అక్కడ చెల్లింపు పూర్తయ్యేది వెబ్‌సైట్‌లో కాదు, కొనుగోలుదారు గుమ్మం దగ్గర.

కూపన్ ఇవ్వాలనే అనుకుంటే, ఆ 52 మంది వంటివారిని యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి ఒక సగానికే పంపాలి. ఫోన్ నంబరు చివరి అంకెతో విడదీయాలని కొందరికి తోస్తుంది కానీ, ఫ్యాన్సీ నంబర్ల మోజున్న ఈ నగరంలో దానికంటే సర్వర్ కేటాయించిన కస్టమర్ ఐడీయే నమ్మకమైనది. కూపన్ అందని సగంలోనూ కొందరు తమంతట తామే తిరిగి వచ్చి కొంటారు. రెండు సగాల మధ్య తేడా మాత్రమే కూపన్ సాధించింది, దాన్ని ఇచ్చిన తగ్గింపు మొత్తంతో పోల్చాలి. ఒక్క నెలలో సగానికి 26 మందే వస్తారు కాబట్టి ఇద్దరు ముగ్గురి తేడాకు అర్థం ఉండదు. అలాగే 21 వైఫల్యాలను చూసి ఏ బ్యాంకునూ తప్పుపట్టలేం. నాలుగైదు నెలలు ఇదే పద్ధతిలో కూడగట్టాలి, వరలక్ష్మీ వ్రతానికి చీరలు కొనే శ్రావణ మాసాన్ని మాత్రం మామూలు నెలలతో కలపకుండా విడిగా చూసుకోవాలి.