వేగం వల్లే జనం వెళ్ళిపోతున్నారా? ముందు ఆ వేగాన్ని సరిగ్గా కొలవండి

తెలుగులో ఆదాయపు పన్ను, పీఎఫ్, బీమా వంటి విషయాలను వివరించే వీడియోలకు స్క్రిప్టులు సరిచూడడం నా పని. ఈ రంగంలో కొంతకాలంగా ఒక అలవాటు పాతుకుపోయింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లోని మాటలన్నీ లెక్కపెట్టి, వీడియో నిడివితో భాగించి, వచ్చిన సంఖ్యను, వీడియోలో ఏ చోట ఎంతమంది చూస్తూ ఉన్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ పక్కన పెట్టి, "మీరు వేగంగా మాట్లాడుతున్నారు, అందుకే జనం మధ్యలో వెళ్ళిపోతున్నారు" అని తేల్చేస్తున్నారు. నేను పనిచేసిన ఒక బృందంలో నిమిషానికి 130 మాటలు దాటకూడదని నియమం పెట్టి, చురుగ్గా, స్పష్టంగా చెప్పే ఒక అమ్మాయి చేత ప్రతి వాక్యాన్నీ సాగదీయించారు. ఆ సంఖ్య ఎలా వచ్చిందో, అది దేన్ని కొలుస్తోందో అడిగినవారు లేరు. అది అన్యాయమని ఇప్పటికీ అనుకుంటున్నాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి నియమాలు పెట్టేవారు తరచుగా ఆన్‌లైన్ పాఠాల మీద జరిగిన పరిశోధనలను ప్రస్తావిస్తుంటారు. వాటిలో బాగా పేరొందినది ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో వెలువరించిన అధ్యయనం. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సులకు చెందిన 862 వీడియోలను, 69 లక్షల వీక్షణ సెషన్లను వారు పరిశీలించారు. ఒక్కో వీడియో ట్రాన్‌స్క్రిప్ట్‌లోని మాటలను నిడివితో భాగిస్తే సగటున నిమిషానికి 156 మాటలు వచ్చాయి. అతి నెమ్మదైన వీడియోలో 48, అతి వేగమైన దానిలో 254. వారు చూసినది నెమ్మదిగా మాట్లాడమనే సలహాకు దాదాపు వ్యతిరేకం: వేగంగా, ఉత్సాహంగా మాట్లాడిన అధ్యాపకుల వీడియోలనే విద్యార్థులు ఎక్కువసేపు చూశారు. అయితే అక్కడ ఒక్కో వీడియోకు ఉన్నది ఒక్కటే వేగం. ఏ నిమిషంలో ఏ వాక్యం దగ్గర వెళ్ళిపోయారన్న ప్రశ్నకు ఆ సంఖ్య జవాబు చెప్పలేదు. పైగా అది ఇంగ్లీషు మాటల లెక్క. దాన్ని తెచ్చి తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్ మీద పెడితే మొదటి అడుగులోనే కొలబద్ద మారిపోతుంది.

ఎందుకో చెబుతాను. "ఈ సంవత్సరం కట్టలేకపోయినవాళ్ళు కూడా వచ్చే సంవత్సరం కట్టుకోవచ్చు" అన్న వాక్యంలో ఏడు మాటలున్నాయి. ఇదే సంగతి ఇంగ్లీషులో చెబితే డజను మాటలు పడతాయి. అంతటితో ఆగితే ఏదో ఒక గుణకంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ తెలుగులోనే ఇద్దరు రాస్తే ఇద్దరి లెక్కా కుదరదు. ఒకరు "కట్టలేకపోయినవాళ్ళు" అని కలిపి రాస్తారు, మరొకరు "కట్ట లేక పోయిన వాళ్ళు" అని విడగొట్టి రాస్తారు. అదే గొంతు, అదే ఆడియో, అదే సమయం. ఒక ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏడు మాటలు, మరో దానిలో పది. ఖాళీలు ఎక్కడ వదలాలన్నది టైపు చేసినవారి అలవాటు. వీక్షకుల ప్రవర్తనను ఆ అలవాటుతో పోల్చి, దాన్నే విశ్లేషణ అంటున్నారు.

అంకెలతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే పన్ను వీడియోలో సరిగ్గా ముఖ్యమైన చోటే అది దెబ్బ కొడుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం శ్లాబులను ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇలా రాస్తారు: "రూ.4,00,001 నుంచి రూ.8,00,000 వరకు 5 శాతం, రూ.8,00,001 నుంచి రూ.12,00,000 వరకు 10 శాతం." ఖాళీల ప్రకారం లెక్కిస్తే ఇవి 12 మాటలు. కానీ మనిషి పలికేది "నాలుగు లక్షల ఒక రూపాయి నుంచి ఎనిమిది లక్షల రూపాయల వరకు ఐదు శాతం, ఎనిమిది లక్షల ఒక రూపాయి నుంచి పన్నెండు లక్షల రూపాయల వరకు పది శాతం" అని. అవి 22 మాటలు. దీన్ని 9 సెకన్లలో చదివారనుకుందాం. ట్రాన్‌స్క్రిప్ట్ ప్రకారం వేగం నిమిషానికి 80 మాటలు, నిజానికి సుమారు 147. వీడియో మొత్తంలో ఊపిరాడని చోటు గ్రాఫులో అన్నిటికన్నా నెమ్మదైన చోటుగా కనిపిస్తుంది. ఆ గ్రాఫు చూసినవారు "శ్లాబుల దగ్గర మరీ నెమ్మదించారు, కాస్త పరిగెత్తించండి" అని సలహా ఇచ్చినా ఆశ్చర్యం లేదు.

అందుకే నేను మాటలు లెక్కించడం మానేసి, అంకెలన్నిటినీ ముందు అక్షరాల్లోకి మార్చి, పలికే అక్షరాలను లెక్కిస్తాను. తెలుగు లిపిలో ఇది కష్టం కాదు. అచ్చు అయినా, పొల్లు లేని హల్లు అయినా ఒక్కో అక్షరానికి ఒక్కటే ఉంటుంది, కాబట్టి వాటిని లెక్కిస్తే చాలు:

```python
import re
PATTERN = r'[\u0C05-\u0C14]|[\u0C15-\u0C39](?!\u0C4D)'

def aksharas(text):
    return len(re.findall(PATTERN, text))
```

ఇందులో "లక్షల" మూడుగా, "బ్యాంక్" ఒకటిగా లెక్కకు వస్తాయి. మాటలను కలిపి రాసినా విడగొట్టి రాసినా ఫలితం మారదు. పై శ్లాబుల వాక్యంలో 62 అక్షరాలున్నాయి. 9 సెకన్లలో చదివితే సెకనుకు దాదాపు 7. ఇంగ్లీషు లిపిలో వదిలేసిన మాటలకు ఈ లెక్క సున్నా ఇస్తుంది, కాబట్టి వాటిని కూడా ముందుగా తెలుగు లిపిలోకి మార్చాలి. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే ఆటో క్యాప్షన్ల వీటీటీ ఫైలును, అంటే మాటలూ వాటి సమయాలూ ఉండే ఫైలును, డౌన్‌లోడ్ చేసి నేరుగా వాడేవారికి ఒక హెచ్చరిక: తెర మీద వరుసలు పైకి జరిగేటట్టు చూపడం కోసం అందులో ఒక్కో వరుస రెండు మూడు సార్లు వస్తుంది. వాటిని తొలగించకపోతే వేగం రెండు మూడు రెట్లు కనిపిస్తుంది. తెలుగు మాటల లెక్క నిమిషానికి 250 దాటిందని ఎవరైనా చూపిస్తే, మాట్లాడినవారిని తప్పుపట్టే ముందు ఆ ఫైలు తెరిచి చూడమనే చెబుతాను.

ఇక రెండో వైపు, అంటే రిటెన్షన్ గ్రాఫు సంగతి. యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ వీడియోను వంద సమాన భాగాలు చేసి, ప్రతి భాగానికి `audienceWatchRatio` అనే విలువ ఇస్తుంది, అంటే ఆ భాగాన్ని చూసిన సార్లను వీడియో మొత్తం వీక్షణలతో భాగిస్తే వచ్చేది. పది నిమిషాల వీడియోలో ఒక్కో భాగం 6 సెకన్లు. అంతకన్నా సన్నగా చూడలేము, కాబట్టి ఫలానా మాట దగ్గర వెళ్ళిపోయారని ఎవరైనా చెబితే అది ఊహే. నేను 30 సెకన్లను ఒక గదిగా తీసుకుని, ఆ గదిలోని అక్షరాల వేగాన్ని, ఆ గదిలో వెళ్ళిపోయినవారి శాతాన్ని పక్కపక్కన పెడతాను. శాతం అన్నప్పుడు ఒక జాగ్రత్త కావాలి. రెండో నిమిషంలో గ్రాఫు 52 నుంచి 49కి దిగింది, ఏడో నిమిషంలో 24 నుంచి 21కి దిగింది అనుకుందాం. చూపుకు రెండూ మూడేసి పాయింట్లే. కానీ మొదటి చోట ఉన్నవారిలో ఆరు శాతం లోపు వెళ్ళారు, రెండో చోట ఉన్నవారిలో ఎనిమిదో వంతు వెళ్ళిపోయారు. మిగిలి ఉన్నవారిలో ఎంతమంది వెళ్ళారన్నదే అడగవలసిన ప్రశ్న, గ్రాఫు ఎంత కిందికి దిగిందన్నది కాదు. మొదటి 30 సెకన్లను నేను ఈ పోలికలోకి అసలు తీసుకోను. అక్కడ వెళ్ళేవారిలో అధికులు టైటిల్, థంబ్‌నెయిల్ చూసి అనుకున్నది వేరు కావడం వల్ల వెళతారు. మాటల వేగం వినేంతసేపు కూడా ఉండరు.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. వివరణ వీడియోలో వేగం ఎక్కువైతే దాని మొదటి గుర్తు నిష్క్రమణ కాదు, వెనక్కి తిప్పి చూడడం. పన్ను శ్లాబులు అర్థం కానివారు వెంటనే వీడియో మూసేయరు, ఎందుకంటే వారు వచ్చిందే వాటి కోసం. పది సెకన్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ వింటారు. ఒకే భాగాన్ని ఒకే మనిషి రెండుసార్లు చూస్తే `audienceWatchRatio` విలువ పెరుగుతుంది, కొన్నిసార్లు 1 కూడా దాటుతుంది. కాబట్టి శ్లాబుల దగ్గర గ్రాఫులో ఒక మిట్ట లేస్తుంది. ఆ మిట్ట అయిపోగానే గ్రాఫు మామూలు మట్టానికి దిగుతుంది. ఆ దిగడాన్ని చూసి "ఇక్కడ జనం పోయారు" అని రాసినవారిని చూశాను. అక్కడ ఎవరూ పోలేదు, మళ్ళీ వినడం ముగిసిందంతే. మిట్టకు ముందున్న మట్టంతో, తర్వాతి మట్టాన్ని పోల్చితేనే నిజంగా ఎంతమంది వెళ్ళారో తెలుస్తుంది.

ఆ మిట్టకు కూడా వేగమే కారణమని తొందరపడి అనకూడదు. అదే పన్ను వీడియోలో, నాలుగు లక్షలు దాటితే 5 శాతం అని చెప్పిన మరుక్షణం "12 లక్షల వరకు పన్ను లేదు" అని చెబుతారు. రెండూ నిజమే. శ్లాబుల ప్రకారం పన్ను లెక్కించాక, ఆదాయపు పన్ను చట్టం 87ఏ సెక్షన్ కింద వచ్చే రిబేటు, అంటే పన్నులో తగ్గింపు, దాన్ని సున్నా చేస్తుంది. జీతగాళ్ళకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కలిపి ఆ హద్దు 12.75 లక్షలవుతుంది. రిబేటు సంగతి చెప్పకముందే ఈ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి వస్తే, ఎంత నెమ్మదిగా చదివినా వినేవారు వెనక్కి తిప్పక తప్పదు. దీన్ని గుర్తుపట్టడానికి నేను చూసేది ఒక్కటే: మిట్ట ఉన్న గదిలో అక్షరాల వేగం ఆ వక్త మామూలు వేగానికన్నా స్పష్టంగా ఎక్కువ ఉందా, లేదా. ఎక్కువ ఉంటే అంకెలను తెర మీద పట్టికగా నిలిపి, వాక్యాల మధ్య విరామం పెంచమంటాను. వేగం మామూలుగానే ఉంటే స్క్రిప్టులో వరుస మార్చి, రిబేటు ఏమిటో ముందు చెప్పిస్తాను. గొంతును ముట్టుకోను.

నిజమైన నిష్క్రమణలు నాకు ఎక్కువగా కనిపించేది నెమ్మదైన చోట్లలోనే. స్పాన్సర్ ప్రకటన, సబ్‌స్క్రైబ్ చేయమన్న అభ్యర్థన, ఇందాక చెప్పినదాన్నే మళ్ళీ చెప్పడం, అన్నిటికీ మించి "సో, ఇదండీ విషయం" అన్న వాక్యం. ఆ వాక్యం వినగానే పని అయిపోయిందని వీక్షకులు వెళతారు, అది వారి హక్కు కూడా. చివరి నిమిషంలో సగటు వేగం తగ్గడం, చివరి నిమిషంలో జనం వెళ్ళడం పక్కపక్కన కనిపిస్తే ఒకటి మరొకదానికి కారణమైపోదు. రెంటికీ కారణం వీడియో ముగింపుకు రావడమే. అందుకే ముగింపు గదులను పక్కన పెట్టి, ఒకే వక్త వీడియోల్లో దాదాపు ఒకే స్థానంలో ఉన్న గదులను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడే వేగం గురించి ఏదైనా చెప్పడానికి ఆస్కారం ఉంటుంది.

చిన్న ఛానెళ్ళకు ఈ పోలిక కూడా అంతగా పనికిరాదు. ఒక గదికి చేరినవారు నలభై మందే అయితే, అందులో ఇద్దరికి ఫోన్ వచ్చినా నిష్క్రమణ 5 శాతం అవుతుంది. పైగా 1.5 రెట్ల వేగంలో చూసేవారు వింటున్నది మనం ట్రాన్‌స్క్రిప్ట్ నుంచి లెక్కించిన వేగం కాదు. ఈ పరిమితులన్నీ తెలిశాక కూడా వక్త వేగాన్ని మార్చాలని ఎవరైనా కోరితే, కనీసం ఆ వేగాన్ని అక్షరాల్లో, గదులవారీగా, అంకెలను విప్పి రాసి చూపించమని అడుగుతున్నాను. వీడియో మొత్తానికి ఒకే సంఖ్య రాసి పంపే నివేదికను ఇకపై నేను ఏ వక్తకూ చేరవేయను.