సవరణ: హాంకాంగ్‌లో వడ్డీ ఎవరు పెంచుతారు?

“హాంకాంగ్ వడ్డీ పెంచి డాలర్ రేటును కాపాడుకుంటుందని రాశారు. ఆ అధికారం ఉంటే అది కరెన్సీ బోర్డు ఎలా అవుతుంది సార్?” (ఒంగోలు నుంచి ఒక చదువరి)

తప్పు నాదే. కరెన్సీ బోర్డు అంటే సొంత డబ్బును ఒక విదేశీ కరెన్సీకి కట్టేసి, వడ్డీని తన ఇష్టానికి మార్చే అధికారం వదులుకున్న ఏర్పాటు. అందుకే అక్కడ వడ్డీ దానంతటదే పెరుగుతుంది. ఒక అమెరికన్ డాలర్‌కు 7.75 నుంచి 7.85 హాంకాంగ్ డాలర్ల లోపే రేటు ఉంచుతామని అక్కడి మానిటరీ అథారిటీ మాటిచ్చింది. ఒక బ్యాంకు 785 కోట్ల హాంకాంగ్ డాలర్లు అమ్మకానికి తెస్తే, అథారిటీ 100 కోట్ల అమెరికన్ డాలర్లు ఇచ్చి తీరాలి. ఆ 785 కోట్లు అథారిటీ దగ్గరున్న బ్యాంకుల నిల్వ ఖాతాలోంచి మాయమవుతాయి. డబ్బుకు కటకట మొదలై బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పు ప్రియమవుతుంది. 2022 మేలో దాదాపు 33,700 కోట్లున్న ఆ నిల్వ, ఏడాదిలో సుమారు 4,500 కోట్లకు పడిపోయింది ఇలాగే.

మన రిజర్వు బ్యాంకు అయితే డాలర్లు అమ్మినా, బాండ్లు కొని ఆ రూపాయల్ని తిరిగి బయటికి వదలగలదు. బోర్డు అలా చేయకూడదు. రూపాయి పడితే మన నెల్లూరు రొయ్యల ఎగుమతికి కాస్త ఊపిరి ఆడుతుంది. హాంకాంగ్ వ్యాపారికి ఆ వెసులుబాటూ లేదు. ఊళ్లో బేరాలు లేకపోయినా, అమెరికాలో వడ్డీ పెరిగితే డబ్బు అటు తరలి, ఆ భారం అతని మీదా పడుతుంది.